కోచింగ్ సెంటర్ పోస్టులు రాయడం, 4వ పాఠం: ‘మా విద్యార్థి’ అంటే ఎవరు?

పోయిన పాఠంలో ఫీజు, రీఫండ్ గురించి పోస్టు ఎలా రాయాలో చూశాం. ఈసారి రిజల్ట్ పోస్టు. మనకు ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. పైగా అందులో చాలావరకు అంకెల్లో జరగవు, ‘మా’ అనే ఒక్క అక్షరంలో జరుగుతాయి.

తిరుపతిలో ఒక డీఎస్సీ కోచింగ్ సెంటర్ ఉందనుకుందాం. 2025 మెగా డీఎస్సీ ఫలితాలు వచ్చాయి. పోస్టులు రాసే మీ చేతికి యజమాని ఒక కాగితం ఇచ్చి, “86 మంది మనోళ్లు కొట్టారు, సాయంత్రానికల్లా ఫోటోలతో పోస్టు పడాలి” అన్నారు. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే. ఆ 86ను ఎలా పరీక్షించాలన్నదే ఈ పాఠం.

మొదట ఆ కాగితం ఎలా తయారైందో అడగండి. సాధారణంగా ఆఫీసులో ఇద్దరు కూర్చుని మెరిట్ లిస్టులో పేర్లు చూస్తూ “ఈ అమ్మాయి మన దగ్గరికి వచ్చేది కదా” అని టిక్కులు పెడతారు. అలా తయారైన లిస్టును నమ్మకండి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. పేరుతో కాదు, హాల్ టికెట్ నంబరుతో సరిపోల్చాలి. ఒక ఎక్సెల్ షీట్‌లో హాల్ టికెట్ నంబరు, మన రసీదు నంబరు, చేరిన తేదీ, కోర్సు పేరు, కట్టిన ఫీజు అని ఐదు గడులు పెట్టుకోండి. రసీదు దొరకని పేరు పోస్టులోకి రాకూడదు.

ఇప్పుడు 86ను చూద్దాం. ఒకే అభ్యర్థి ఎస్జీటీకి, స్కూల్ అసిస్టెంట్‌కు రెండింటికీ రాసి, రెండు మెరిట్ లిస్టుల్లోనూ ఉండొచ్చు. చివరికి చేరేది ఒక్క ఉద్యోగంలోనే. అలా రెండుసార్లు లెక్కలోకి వచ్చినవాళ్లు ఏడుగురు. మిగిలింది 79. తర్వాత, ఆగస్టులో వచ్చింది మెరిట్ లిస్టు, సెప్టెంబరులో వచ్చింది తుది ఎంపిక జాబితా. రెండూ ఒకటి కావు. మెరిట్ లిస్టులో ఉండి తుది జాబితాలో లేనివాళ్లు ఐదుగురు. వాళ్లకు ఉద్యోగం రాలేదు. వాళ్ల ఫోటో మీద “ఉద్యోగం సాధించిన” అని వేస్తే అది అబద్ధం మాత్రమే కాదు, ఆ ఇంటికి పుండు మీద కారం. ఇక మిగిలింది 74 మంది మనుషులు.

ఈ 74 మందిలో ఎవరెవరు మన దగ్గర ఏం తీసుకున్నారు? రసీదులు తిరగేస్తే ఇలా తేలింది. నాలుగు నెలల క్లాస్‌రూమ్ కోర్సులో ఫీజు కట్టి కూర్చున్నవాళ్లు 21 మంది. ఆన్‌లైన్ టెస్ట్ సిరీస్ మాత్రమే కొన్నవాళ్లు 31. ఒక ఆదివారం కల్యాణమండపంలో పెట్టిన ఉచిత మాక్ టెస్టుకు వచ్చినవాళ్లు 12. మెరిట్ లిస్టు వచ్చాక సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు ఏమేం తీసుకెళ్లాలో అడగడానికి వచ్చినవాళ్లు నలుగురు. ఏ రసీదూ లేనివాళ్లు ఆరుగురు.

ఆ నలుగురి సంగతి కాస్త ఆగి చూడండి. వాళ్లు మన గుమ్మం తొక్కేసరికి పరీక్ష అయిపోయింది, మార్కులు వచ్చేశాయి. ఆ మార్కుల్లో మన పాత్ర ఏముంది? సివిల్స్ కోచింగ్‌లో జరిగింది అచ్చంగా ఇదే. ప్రిలిమ్స్, మెయిన్స్ సొంతంగా గట్టెక్కినవాళ్లు చివర్లో ఉచిత మాక్ ఇంటర్వ్యూకు వెళ్తే, వాళ్ల ఫోటోలు పేపర్లలో ఫుల్ పేజీ వేసుకున్నారు. 2022 సివిల్స్‌కు మొత్తం ఎంపికైందే 933 మంది. సంస్థలు ఎవరికి వారు చెప్పుకున్న అంకెలు కూడితే దానికి కొన్ని రెట్లు వచ్చింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, ఇలాంటి ప్రకటనల మీద చాలా కోచింగ్ సంస్థలకు నోటీసులు ఇచ్చి, జరిమానాలు వేసింది. 2024 నవంబరు 13న కోచింగ్ రంగానికి విడిగా మార్గదర్శకాలు కూడా తెచ్చింది. 50 మందికి మించి విద్యార్థులున్న కోచింగ్ సెంటర్లకు అవి వర్తిస్తాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి పది లక్షల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా పడవచ్చు.

ఆ మార్గదర్శకాల్లో మన పనికి ముఖ్యమైంది ఇది. గెలిచినవాళ్లను చూపిస్తే వాళ్ల ర్యాంకు, చదివిన కోర్సు పేరు, ఎంతకాలం చదివారు, ఫీజు కట్టిందా ఉచితమా, ఇవన్నీ పక్కనే చెప్పాలి. వివరణను అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో పెట్టకూడదు. గొప్ప చెప్పుకున్న మాట ఎంత సైజులో ఉందో వివరణా అంత సైజులోనే ఉండాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో ఇంకో చిక్కు ఉంది. ఫోటో కింద మనం రాసే మాటల్లో మొదటి రెండు మూడు వరుసలే కనిపిస్తాయి, మిగతాది మడత పడిపోతుంది. ఫోటో ఒక్కటే వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతుంది. అందుకే కోర్సు వివరాలు ఫోటో లోపలే ఉండాలి. డిజైన్ అయ్యాక మీ ఫోన్‌ను చేయి చాచినంత దూరంలో పెట్టి చూడండి. ‘21’ కనిపించి ‘క్లాస్‌రూమ్ కోర్సు’ కనిపించకపోతే మళ్లీ డిజైనర్ దగ్గరికి పంపండి.

ర్యాంకు దగ్గర ఒక జాగ్రత్త. డీఎస్సీ ర్యాంకు జిల్లాకూ, పోస్టుకూ, సబ్జెక్టుకూ విడివిడిగా ఉంటుంది. “ఫస్ట్ ర్యాంక్” అని మాత్రమే వేస్తే చదివేవాళ్లు రాష్ట్రం మొత్తానికి ఫస్ట్ అనుకుంటారు. “ఉమ్మడి చిత్తూరు జిల్లా, ఎస్జీటీ, ర్యాంకు 37” అని పూర్తిగా రాయాలి.

ఇక భాష దగ్గరికి వద్దాం. “మా ఆణిముత్యాలు”, “మా విజేతలు”, “మా విద్యార్థులు”. మూడింటిలోనూ సంబంధం ఏమిటో చెప్పకుండా తప్పించుకునే వీలుంది. ఒక పూట మాక్ టెస్టు రాసినా ‘మా’ అనేయొచ్చు. నేను ఈ పనికి వచ్చిన కొత్తలో అలా రాసినవాణ్నే. ఒక సంస్థ కోసం వేసిన పోస్టు చూసి పుత్తూరు నుంచి ఒకాయన ఫోన్ చేశారు. “మా పాప మీ దగ్గర ఒక్క పరీక్ష రాసింది నాయనా. రెండేండ్లు ఇంట్లో దీపం కింద కూర్చుని చదివింది. మీ దయతో వచ్చిందని ఊరంతా అంటా ఉండారు” అన్నారు. ఆ రాత్రే పోస్టు తీసేశాం. అప్పటినుంచి నేను ‘మా’ అన్న మాట వాడితే వెంటనే కోర్సు పేరు రాస్తున్నాను. క్రియాపదం కూడా చూడండి. “21 ఉద్యోగాలు సాధించాం” అంటే సాధించింది సంస్థ అవుతుంది. “21 మంది ఎంపికయ్యారు” అంటే సాధించింది ఆ పిల్లలే. “మా శిక్షణ వల్ల” అన్నదాన్ని ఎవరూ నిరూపించలేరు. “మా దగ్గర నాలుగు నెలలు చదివి” అన్నదానికి రసీదు ఉంది. రసీదుతో చూపగలిగిన క్రియనే వాడండి.

పోస్టు ఇలా వస్తుంది:

“మెగా డీఎస్సీ 2025 తుది ఎంపిక జాబితాలో మా దగ్గర ఫీజు కట్టి చదివినవారు.
నాలుగు నెలల క్లాస్‌రూమ్ కోర్సు: చేరింది 190 మంది, ఎంపికైంది 21 మంది.
ఆన్‌లైన్ టెస్ట్ సిరీస్ మాత్రమే: తీసుకున్నది 640 మంది, ఎంపికైంది 31 మంది.”

రెండూ కలిపి 52 అని పైన పెద్దగా వేయమంటారు. నేనైతే వేయను. 52 అనగానే చూసేవాళ్ల మనసులో 52 మంది క్లాసులో కూర్చున్న బొమ్మ వస్తుంది. ఒకరు రెండు కోర్సులూ తీసుకుని ఉంటే పెద్ద కోర్సు కింద ఒక్కసారే లెక్కేయండి. ఉచిత మాక్ టెస్టువాళ్లు 12 మందిని నేను వదిలేశాను. వేయాలనే ఉంటే “ఒక రోజు ఉచిత మాక్ టెస్ట్” అని అదే సైజు అక్షరాల్లో విడి వరుసగా వేయాలి.

చేరినవాళ్ల సంఖ్య చెప్పాలని ఈ మార్గదర్శకాలు విడిగా అడగవు. నేను మాత్రం చెప్పమంటాను. కాళహస్తి నుంచో, పలమనేరు నుంచో పిల్లను హాస్టల్లో పెట్టి చదివించాలనుకునే తండ్రికి కావాల్సిన లెక్క అదే. 21 అంటే నలభైలో 21 అనుకుని ఆయన అప్పు తెస్తాడు. 190లో 21 అని తెలిస్తే అంతా తెలిసి నిర్ణయం తీసుకుంటాడు.

యజమాని ఊరుకోరు. “పక్క సందులో వాళ్లు 200 వేస్తే మనం 21 వేసుకుని కూర్చోవాలా?” అంటారు. వాదనకు దిగకండి. “సార్, ఈ 86లో ఎవరైనా 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తే, మనం చూపించగలిగిన రసీదులు ఎన్ని?” అని అడిగి, షీట్ ముందు పెట్టండి. 1915 అనేది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. రసీదు లేని ఆరుగురి పేర్లు చూడగానే మాట మెత్తబడుతుంది. ఎంపికైన 21 మందిలో ఎంతమంది ఉద్యోగం చేస్తూ చదివారు, ఎంతమందికి ఇది రెండో ప్రయత్నం, ఏ సబ్జెక్టులో ఎక్కువమంది వచ్చారు, ఇవి రాస్తే 21తోనే నాలుగు పోస్టులు వస్తాయి.

చివరగా అనుమతి. అడ్మిషన్ ఫారంలో “ఫోటోలు వాడుకోవడానికి అంగీకరిస్తున్నాను” అని ముందే సంతకం పెట్టించుకుంటారు. అది చెల్లదు. గెలిచిన తర్వాత, విడిగా, రాతపూర్వకంగా తీసుకోవాలి. ఈ మాటలు సరిపోతాయి:

“నేను మెగా డీఎస్సీ 2025లో ______ పోస్టుకు ఎంపికయ్యాను. మీ సంస్థలో ______ కోర్సు ______ నుంచి ______ వరకు చదివాను. ఫీజు కట్టాను / కట్టలేదు. నా పేరు, ఫోటో, ర్యాంకు ఈ వివరాలతో కలిపి ప్రకటనలో వాడుకోవడానికి ఈ రోజు అంగీకరిస్తున్నాను. తేదీ, సంతకం.”

మన ఉదాహరణలో క్లాస్‌రూమ్ వాళ్లు 18 మంది సంతకం పెట్టారు, ముగ్గురు వద్దన్నారు. సంఖ్య 21గానే ఉంటుంది, ఫోటోలు 18 మాత్రమే వెళ్తాయి. తర్వాత ఎవరైనా మనసు మార్చుకుని తీసేయమంటే, ఎందుకని అడగకుండా ఆ రోజే తీసేయండి. ఫ్లెక్సీ మీదుంటే ఫ్లెక్సీ దించండి.

అభ్యాసం: ఈ వాక్యాన్ని తిరగరాయండి. “కానిస్టేబుల్ ఫలితాల్లో మా ప్రభంజనం! 40కి 38 మా వాళ్లే!” సంస్థ రికార్డులో ఉన్నది ఇది: ఫిజికల్ టెస్టుకు నెల రోజులు గ్రౌండ్‌లో శిక్షణ తీసుకున్నది 40 మంది, అందరూ అప్పటికే ప్రిలిమ్స్ పాసైనవాళ్లు, ఫీజు కట్టినవాళ్లు. ఫిజికల్స్‌లో అర్హత పొందింది 38. తుది ఎంపిక ఇంకా రాలేదు. మీ వాక్యంలో ‘అర్హత’, ‘ఎంపిక’ అనే రెండు మాటలు ఎక్కడ పడ్డాయో గీత గీసి పెట్టుకోండి. 5వ పాఠంలో, విద్యార్థి మాట్లాడే వీడియోకు ప్రశ్నలు ఎలా రాయాలో చెప్పేటప్పుడు, ముందుగా ఆ వాక్యాన్నే తీసుకుందాం.