లింక్డ్‌ఇన్‌లో సహోద్యోగికి రికమెండేషన్ ఎలా రాయాలి? రాసినవారి పేరుకు దానివల్ల ఏం జరుగుతుంది?

లింక్డ్‌ఇన్‌లో మీరు ఒకరికి రాసిన రికమెండేషన్ రెండు చోట్ల కనిపిస్తుంది. అవతలివారు దాన్ని అంగీకరించాక వారి ప్రొఫైల్‌లో మీ ఫొటో, పేరు, హెడ్‌లైన్‌తో సహా చేరుతుంది. మీరు దాచిపెట్టకపోతే మీ ప్రొఫైల్‌లో కూడా, మీరు ఇచ్చినవాటి జాబితాలో ఉంటుంది. కాబట్టి మీరు ఎవరిని, ఏ కారణంతో, ఎలాంటి మాటలతో మెచ్చుకుంటారన్నది మిమ్మల్ని ఎన్నడూ కలవనివారికి కూడా తెలిసిపోతుంది. అందుకే దీన్ని మొహమాటానికి రాసే నాలుగు మంచి మాటలుగా కాక, మీ పేరు మీద ఇచ్చే సాక్ష్యంగా భావించి రాయాలి.

మనం ఇతరుల గురించి చెప్పే మాటలు మనకే ఎలా అంటుకుంటాయో స్కోరోన్‌స్కీ, కార్ల్‌స్టన్, మే, క్రాఫర్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపించారు. తనకు తెలిసినవాడెవడో కుక్కపిల్లను తన్నాడని ఒక వ్యక్తి చెబితే, విన్నవారు ఆ తర్వాత ఆ క్రూరత్వాన్ని కొంతవరకు చెప్పిన వ్యక్తికే ఆపాదించారు. మంచి గుణాల విషయంలోనూ ఇలాగే జరిగింది. దీన్ని పట్టుకుని అందరినీ పొగిడితే మన పేరు పెరుగుతుందనుకోవడం పొరపాటు. ఆ ప్రయోగాల్లో విన్నవారి ముందున్నది ఫలానావారు చేసిన ఒక పని గురించిన కథనం. ఏ పనీ చెప్పకుండా కురిపించిన విశేషణాలు చదివేవారి మనసులో ఎవరి గురించీ ఏ చిత్రాన్నీ మిగల్చవు.

1. ముందుగా రాయాలా వద్దా అన్నది తేల్చుకోండి

ఎవరైనా రికమెండేషన్ అడిగినప్పుడు, పాత మెయిళ్లూ ఫైళ్లూ చూడకుండా, వారు చేసిన ఒక పనిని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించండి. వారు చెయ్యి వేయకముందు పరిస్థితి ఎలా ఉంది, తర్వాత ఎలా మారింది, మధ్యలో వారు ఏం చేశారు అన్నవి మీరు చెప్పగలిగితే రాయండి. చెప్పలేకపోతే ఆ వ్యక్తి మంచివారు కాదని కాదు, మీరు సరైన సాక్షి కాదని అర్థం.

అలాంటప్పుడు మౌనంగా ఉండిపోవడం కంటే ఇలా జవాబు ఇవ్వడం మర్యాద: “మీ పనిని నేను దగ్గరగా చూసే అవకాశం రాలేదండి. నేను రాస్తే పైపై మాటలే అవుతాయి. ఆ ప్రాజెక్టులో మీతో రోజూ కూర్చుని పనిచేసినవారు రాస్తే మీకు ఎక్కువ ఉపయోగం.” ఈ జవాబు వల్ల చాలామంది నొచ్చుకోరు. ఒకరిద్దరు నొచ్చుకున్నా, తెలియని పనికి మీ పేరు పెట్టడం కంటే అదే మేలు.

2. రాయడానికి ముందు ఒక ప్రశ్న అడగండి

“ఇప్పుడు ఎలాంటి ఉద్యోగం కోసం చూస్తున్నారు?” అన్న ఒక్క ప్రశ్న చాలు. మీకు గుర్తున్న మూడు నాలుగు సంగతుల్లో ఏది రాయాలో దానితో తేలుతుంది. ఏం రాయాలో మాత్రం వారిని అడగకండి. వారు పంపిన మాటలనే మీ పేరుతో పెడితే, మరో ఇద్దరు ముగ్గురు కూడా అలాగే పెట్టి ఉండవచ్చు. ఒకే ప్రొఫైల్‌లో ఒకే రకం వాక్యాలు పక్కపక్కన కనిపిస్తే ఆ సంగతి చదివేవారికి వెంటనే అర్థమవుతుంది.

3. విశేషణాన్ని తీసేసి, పనిని రాయండి

మొత్తం వ్యవహారంలో ఎక్కువ సమయం ఇవ్వవలసింది ఈ దశకే. ఒక ఉదాహరణ తీసుకుందాం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే టీమ్‌లోని ఒక టెస్టర్‌కు ఆమె టీమ్ లీడ్ రికమెండేషన్ రాస్తున్నారు. మొదటి ముసాయిదా ఇలా వచ్చింది:

“ఆమె ఎంతో కష్టపడి పనిచేస్తారు. అంకితభావం, క్రమశిక్షణ ఉన్న వ్యక్తి. అందరితో కలిసిపోతారు. ఏ సంస్థకైనా ఆమె దొరకడం అదృష్టం.”

ఇందులో అబద్ధం ఏమీ లేదు. అయితే పేరు మారిస్తే ఇది ఎవరికైనా సరిపోతుంది. రాసిన వ్యక్తి ఆమె పనిని చూశారో లేదో కూడా ఇందులో తెలియదు. ఇప్పుడు టీమ్ లీడ్ ఒక సంఘటన గుర్తు తెచ్చుకున్నారు. కొన్ని బిల్లుల్లో తెరమీద కనిపించే మొత్తానికీ, లెక్కల పుస్తకంలో నమోదైన మొత్తానికీ అతి చిన్న తేడా వస్తోంది. మిగిలినవారు దాన్ని వదిలేశారు. ఆమె అలాంటి పాత బిల్లులన్నీ ఏరి పక్కపక్కన పెట్టి, శాతంలో డిస్కౌంట్ ఇచ్చిన వస్తువులు ఒకటి కంటే ఎక్కువ ఉన్న బిల్లుల్లోనే తేడా వస్తోందని గుర్తించారు. తెరమీద ప్రతి వరుసనూ విడివిడిగా రౌండ్ చేస్తున్నారు. లెక్కల్లో మాత్రం అన్నీ కూడిన తర్వాత ఒకేసారి రౌండ్ చేస్తున్నారు. తేడాకు కారణం అదే. దీన్ని చేర్చి తిరగరాసిన రికమెండేషన్ ఇది:

“మా బిల్లింగ్ టీమ్‌లో ఆమె రెండేళ్లు టెస్టర్‌గా పనిచేశారు. అప్పుడు నేను టీమ్ లీడ్‌ని. బిల్లు మొత్తానికీ లెక్కల్లోని మొత్తానికీ అప్పుడప్పుడు వచ్చే చిన్న తేడాను మేమందరం పట్టించుకోలేదు. ఆమె పాత బిల్లులు ఏరి, తేడా ఏ రకం డిస్కౌంట్ ఉన్నప్పుడు వస్తోందో కనిపెట్టి, రౌండింగ్ రెండు చోట్ల రెండు విధాలుగా జరుగుతోందని చూపించారు. తప్పు దొరికిందని చెప్పి ఊరుకోకుండా, అది మళ్లీ రాకుండా ఆమె రాసిన పరీక్షలను ఆ తర్వాత ప్రతి విడుదలకు ముందు నడిపేవాళ్లం. లెక్క తప్పకూడని చోట టెస్టింగ్‌కు మనిషి కావాలంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆమే.”

ఈ రెండోదాన్ని చదివినవారికి టెస్టర్ గురించే కాక టీమ్ లీడ్ గురించి కూడా కొంత తెలుస్తుంది. ఆ వ్యక్తి తన టీమ్ చేసే పనిని దగ్గరగా గమనిస్తారనీ, కింది ఉద్యోగి కనిపెట్టిన విషయాన్ని తన ఖాతాలో వేసుకోరనీ ఎక్కడా చెప్పకుండానే అర్థమవుతుంది. రాసినవారి విశ్వసనీయత వచ్చేది ఇక్కడి నుంచే. కాకపోతే ఇలా వివరాలు రాసేటప్పుడు కస్టమర్ల పేర్లు, అమ్మకాల అంకెలు, ఇంకా బయటికి రాని ఉత్పత్తుల సంగతులు బయటపెట్టకూడదు. రహస్యం నిలుపుకోలేనివారన్న పేరు ఎంత మంచి రికమెండేషన్ రాసినా పోదు.

పంపే ముందు “కష్టపడి పనిచేస్తారు” వంటి మాటలు ఎవరి విషయంలో వాడుతున్నారో ఒకసారి చూసుకోండి. ట్రిక్స్, సెంకా అనే ఇద్దరు పరిశోధకులు ఒక అమెరికన్ వైద్య కళాశాలలో అధ్యాపక పదవులకు వచ్చిన 300కు పైగా సిఫారసు లేఖలను పరిశీలించి 2003లో ఫలితాలు ప్రచురించారు. మహిళల గురించిన లేఖలు సగటున చిన్నవిగా ఉన్నాయి, వాటిలో సందేహం కలిగించే మాటలు ఎక్కువగా కనిపించాయి. మీరు ఇదివరకు రాసినవాటిని వరుసగా చదివితే, కొందరికి కష్టాన్నీ మరికొందరికి ప్రతిభనూ పంచిపెట్టే అలవాటు మీకూ ఉందేమో బయటపడుతుంది.

4. మీరు చూసినంత మేరకే చెప్పండి

పై ఉదాహరణలో “రెండేళ్లు”, “టీమ్ లీడ్‌ని”, “లెక్క తప్పకూడని చోట” అన్న మాటలు మెప్పుకు హద్దు గీస్తున్నాయి. ఆ హద్దు ఉన్నందువల్లే మెప్పు నమ్మదగినదిగా ఉంటుంది. నిష్పక్షపాతంగా కనిపించాలని ఏదో ఒక లోపాన్ని కూడా చేర్చాలనుకోవడం మాత్రం సరికాదు. పుస్తక సమీక్షల మీద టెరెసా అమబిలే 1983లో ప్రచురించిన అధ్యయనంలో, తీవ్రంగా విమర్శించిన సమీక్షకులు పాఠకులకు ఎక్కువ తెలివైనవారిగా, అదే సమయంలో తక్కువ దయగలవారిగా కనిపించారు. ఒకరి జీవనోపాధికి సంబంధించిన చోట అలాంటి తెలివి ప్రదర్శన తగదు. లోపం అంత పెద్దదైతే మొదటి దశలోనే కాదని చెప్పి ఉండాల్సింది.

5. పంపడం, సవరించడం

మీ కనెక్షన్లలో ఉన్నవారికే రికమెండేషన్ ఇవ్వగలరు. వారి ప్రొఫైల్ తెరిచి, More నొక్కి, Recommend ఎంచుకోవాలి. అప్పట్లో మీ ఇద్దరికీ ఉన్న పని సంబంధం ఏమిటో, వారు ఏ హోదాలో ఉండేవారో ఎంచుకోమని అడుగుతుంది. దీన్ని తొందరలో ఎంచుకోకండి, ఎందుకంటే ఆ సంబంధం మీ మాటల పక్కనే కనిపిస్తుంది. పక్క టీమ్‌లో ఉన్నవారికి మీరు మేనేజర్ అన్నట్లు వస్తే, రాసినదంతా నిజమైనా అనుమానానికి తావిస్తుంది. గరిష్ఠ పరిమితి 3000 అక్షరాలైనా, అందులో మూడో వంతు కూడా సాధారణంగా అవసరం పడదు.

అందుకున్నవారు అంగీకరించే ముందు మార్పు కోరవచ్చు. తేదీనో, సాంకేతిక వివరాన్నో సరిదిద్దమంటే వెంటనే చేయండి. “సహాయపడ్డారు” అన్నచోట “నాయకత్వం వహించారు” అని మార్చమంటే, నిజంగా నాయకత్వం వహించారా అన్న ఒక్కటే చూసుకుని జవాబు చెప్పండి.

ఇద్దరూ ఒకరికొకరు రాసుకోవడం తప్పు కాదు. కానీ రికమెండేషన్ పక్కన తేదీ కనిపిస్తుంది. ఒకే వారంలో ఇచ్చిపుచ్చుకున్నవాటిని చదివేవారు బేరంగా తీసుకుంటారు, రెండింటి విలువా పడిపోతుంది. బదులు ఇవ్వాలని ఉంటే, వారు కొత్త పని ఏదైనా చేసినప్పుడు దాని గురించి రాయండి.

6. మీ దగ్గరికి వచ్చేవారికోసం మీ ప్రొఫైల్ సరిచూసుకోండి

రికమెండేషన్ వల్ల పెద్ద గుంపు మీ వైపు తిరగదు. ఆ వ్యక్తిని ఉద్యోగంలోకి తీసుకోవాలని చూస్తున్న రిక్రూటర్, కాబోయే మేనేజర్, అదే రంగంలో పనిచేస్తున్న మరికొందరు మాత్రమే దాన్ని శ్రద్ధగా చదువుతారు. వారిలో కొందరు రాసిందెవరో చూద్దామని మీ పేరు నొక్కుతారు. మీ రంగంలో నియామకాలు చేసేవారు మిమ్మల్ని ఇలా గమనించడం చాలా విలువైన విషయం. అయితే అక్కడ కనిపించేది మీ ఇప్పటి హెడ్‌లైన్. మీరిద్దరూ కలిసి పనిచేసిన ఉద్యోగం మీ ప్రొఫైల్‌లో లేకపోతే, మీ మాటలను దేనితో పోల్చి చూడాలో వారికి తెలియదు. అందుకే ఆ ఉద్యోగం, దాని కాలం సరిగా ఉన్నాయో లేదో పంపిన రోజే చూసుకోండి.

మీ ప్రొఫైల్‌లోని రికమెండేషన్ల విభాగంలో Given కింద ఇప్పటివరకు మీరు ఇచ్చినవన్నీ ఉంటాయి. ఏడాదికోసారి వాటిని చదవండి. అక్కడి నుంచే ఒకదాన్ని దాచవచ్చు, సవరించవచ్చు, తొలగించవచ్చు. మనస్పర్థలు వచ్చాయని తొలగించకండి, ఎందుకంటే అప్పుడు మీరు చూసిన పని ఇప్పటికీ నిజమే. మీరు రాసిన సంగతే నిజం కాదని తర్వాత తెలిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వారికి ఒక మాట చెప్పి తొలగించండి.

కొన్నిసార్లు రిక్రూటర్ మీకు ఫోన్ చేసి మరిన్ని వివరాలు అడుగుతారు. పై ఉదాహరణలోని టీమ్ లీడ్‌ను, “ఆమె ఐదుగురు ఉన్న టీమ్‌ను నడపగలరా?” అని అడిగారనుకోండి. దానికి సరైన జవాబు: “టీమ్ నడపడం నేను చూడలేదండి. మా దగ్గర ఆమెకు ఆ బాధ్యత లేదు. కొత్తగా చేరిన ఇద్దరికి పని నేర్పడం చూశాను, అది కావాలంటే వివరంగా చెప్పగలను.”