వసంత పంచమి ఏ రోజు? పంచాంగం చూసి బిడ్డ చేత అక్షరాలు దిద్దించడం ఎలా?

తిరుపతిలో ఇంటి గోడకు వేలాడే క్యాలెండరులో 2025 ఫిబ్రవరి పుట తిప్పినవారికి ఒక చిక్కు ఎదురైంది. ఆదివారం, 2వ తేదీ గడిలో చవితి, సోమవారం, 3వ తేదీ గడిలో పంచమి ఉన్నాయి. అయితే అక్షరాభ్యాసం ఆదివారమే చేయాలని చాలామంది పురోహితులు చెప్పారు. క్యాలెండరు తప్పు కాదు, పురోహితులూ తప్పు చెప్పలేదు. ఈ రెండూ ఎలా పొసగుతాయో తెలిస్తే ఏ సంవత్సరానికైనా రోజును మనమే నిర్ణయించుకోవచ్చు.

ముందుగా మాసం, పక్షం చూసుకోవాలి. వసంత పంచమి మాఘ శుద్ధ పంచమి, అంటే పుష్య అమావాస్య తరువాత వచ్చే ఐదవ తిథి. మనం అమావాస్యతోనూ ఉత్తరాదివారు పౌర్ణమితోనూ నెల ముగిస్తాం కనుక బహుళ పక్షంలో మాసాల పేర్లు మారతాయే తప్ప శుక్ల పక్షంలో తేడా ఉండదు. అందుకే ఈ పండుగకు దేశమంతటా ఒకే తిథి. ఇంగ్లీషు తేదీ మాత్రం ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ, అధిక మాసం వచ్చిన తరువాత ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. 2026లో జనవరి 23న వచ్చిన పండుగ, ఆ ఏడాది అధిక జ్యేష్ఠం పడినందువల్ల 2027లో ఫిబ్రవరి 11న వస్తుంది.

గడిలోని తిథిని చదవడం

సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం పన్నెండు డిగ్రీలు పెరిగితే ఒక తిథి గడుస్తుంది. ఆ దూరం 48 నుంచి 60 డిగ్రీల దాకా ఉన్నంతసేపు శుక్ల పంచమి. చంద్రుడి వేగం రోజురోజుకూ మారుతుంది కనుక తిథి ఒకసారి 19 గంటలకే ముగియవచ్చు, మరొకసారి 26 గంటల వరకూ సాగవచ్చు. అది అర్ధరాత్రికో సూర్యోదయానికో మొదలవ్వాలన్న నియమమేమీ లేదు. క్యాలెండరు మాత్రం ఆ రోజు సూర్యోదయ సమయానికి ఉన్న తిథి పేరునే గడిలో వేసి, పక్కన అది ముగిసే సమయాన్ని ఇస్తుంది. కాబట్టి పంచమి ఎప్పుడు మొదలవుతుందో తెలియాలంటే చవితి పక్కనున్న సమయాన్ని చూడాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఇంకొక పొరపాటు అర్ధరాత్రి దాటిన సమయాలతో వస్తుంది. 2026 జనవరి 22, గురువారం గడిలో చవితి పక్కన రాత్రి 2.28 అని ఉంటే, అది గడియారం లెక్కన శుక్రవారం తెల్లవారకముందు వచ్చే 2.28. పంచాంగానికి సూర్యోదయం దాకా ఆ రోజు పూర్తికాదు. ఆ సంవత్సరం పంచమి శుక్రవారం ఉదయమంతా నిండుగా ఉంది కనుక ఏ సందేహమూ రాలేదు.

పూర్వాహ్ణాన్ని లెక్కకట్టడం

సరస్వతీ పూజకు పంచమి పూర్వాహ్ణంలో, అంటే సూర్యోదయం నుంచి మధ్యాహ్నం లోపల ఉండాలని నియమం. ఇక్కడ మధ్యాహ్నమంటే గడియారంలో పన్నెండు కాదు, సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ సరిగ్గా నడిమి వేళ. ఫిబ్రవరి మొదటి వారంలో తిరుపతిలో సూర్యోదయం సుమారు 6.39కి, సూర్యాస్తమయం 6.13కి అవుతాయి కనుక నడిమి వేళ దాదాపు 12.26.

ఇప్పుడు 2025ను చూద్దాం. ఆకాశంలో సూర్యచంద్రుల అసలు స్థానాలను బట్టి కట్టే దృగ్గణితం ప్రకారం ఆదివారం ఉదయం 9.14కు చవితి ముగిసి పంచమి ప్రవేశించింది. సోమవారం ఉదయం 6.52కు పంచమి ముగిసింది. ఆదివారం 9.14 నుంచి 12.26 దాకా, అంటే మూడు గంటలకు పైగా పూర్వాహ్ణంలో పంచమి దొరికింది. సోమవారం సూర్యోదయం తరువాత దొరికింది పదమూడు నిమిషాలే. రెండు రోజులూ పూర్వాహ్ణాన్ని తాకితే మొదటి రోజునే తీసుకోవాలని ధర్మశాస్త్ర గ్రంథాలు చెబుతున్నాయి కనుక ఆదివారమే నిలిచింది. ఉదయ తిథిని పట్టించుకునేవారు సోమవారం చేసుకున్నారు. ఆ ఏటి ప్రయాగ కుంభమేళాలోనూ వసంత పంచమి స్నానం 3వ తేదీనే జరిగింది. స్నానానికి చూసే తిథి వేరు, పూజకు చూసే తిథి వేరు కనుక దీన్ని వైరుధ్యంగా భావించనక్కరలేదు. అదే సోమవారం ఢిల్లీలో సూర్యుడు ఉదయించేసరికి పంచమి ముగిసిపోయింది. మరో ఊరికి లెక్కగట్టిన పంచాంగాన్ని ఫోనులో చూసి తిరుపతిలో ముహూర్తం పెట్టుకోకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

పాత సిద్ధాంత గ్రంథాల సూత్రాలతో కట్టే పూర్వసిద్ధాంత పంచాంగాలకూ దృగ్గణిత పంచాంగాలకూ తిథి ముగింపులో కొన్నిసార్లు గంటల తేడా వస్తుంది. మీ ఇంట్లో ఏది వాడుకలో ఉంటే దాన్నే మొదటి నుంచి చివరి దాకా అనుసరించండి; ఒకదానిలో ఆరంభం, మరొకదానిలో ముగింపు చూస్తే లెక్క చెడుతుంది. పంచమి ఉన్న పూర్వాహ్ణంలోంచి రాహుకాలాన్ని తీసివేస్తే మిగిలేదే మీకు దొరికే వ్యవధి. 2026లో పండుగ శుక్రవారం కనుక ఉదయం 10.30 నుంచి 12 దాకా వదిలి, అంతకుముందే పూర్తిచేయడం మేలు అయింది. శుక్ర, గురు మౌఢ్యాల విషయంలో పండితులు ఏకాభిప్రాయంతో లేరు. వసంత పంచమికి ఆ దోషం లేదనేవారే ఎక్కువ. ఆ ఒక్క మాట మీ పురోహితుణ్ణి అడగండి.

దిద్దించడం

కాణిపాకంలోనో శ్రీకాళహస్తిలోనో చేయించేవారు ఉన్నారు. అయినా రద్దీలో బెదిరిపోయే బిడ్డకు ఇల్లే మంచిదని నా అభిప్రాయం. సాధారణంగా మూడో ఏట గాని, ఐదో ఏట గాని చేస్తారు.

పలకను ముందురోజే సిద్ధం చేయండి. కొత్త పలక మీద బలపం జారుతుంది, గీత పడదు. మా అవ్వ దొండాకు నలిపి, ఆ పసరుతో పలకంతా రుద్ది, ఆరిన తరువాత పొడిగుడ్డతో తుడిచేది. నల్లగా, కాస్త గరుకుగా మారిన పలక మీద మొదటి గీతే తెల్లగా నిలిచేది. ఆకు దొరకకపోతే బొగ్గుపొడితో రుద్దినా సరిపోతుంది.

బియ్యానికి వెడల్పాటి ఇత్తడి లేదా రాగి పళ్లెం తీసుకోండి. స్టీలు పళ్లెంలో తెల్ల బియ్యం నడుమ అక్షరం కనబడదు. బియ్యాన్ని రెండు మూడు గింజల మందాన మాత్రమే పరచాలి. మందంగా పోస్తే వేలు తీయగానే గింజలు జారి గీత పూడిపోతుంది. పలచగా ఉంటే పళ్లెం అడుగు బయటపడి అక్షరం స్పష్టంగా తెలుస్తుంది.

ముందు పసుపు గణపతికి, తరువాత పుస్తకాలూ పలకా ఉంచిన సరస్వతీ పటానికి పూజ చేసి, బిడ్డను తండ్రి గాని, తాత గాని, మేనమామ గాని ఒడిలో కూర్చోబెట్టుకుంటారు. తూర్పు ముఖంగా కూర్చుని, "సరస్వతి నమస్తుభ్యం వరదే కామరూపిణి, విద్యారంభం కరిష్యామి సిద్ధిర్భవతు మే సదా" అని చెప్పి, బిడ్డ కుడి చూపుడువేలు పట్టుకుని బియ్యంలో ముందు "శ్రీ" రాయించి, "ఓం నమః శివాయ సిద్ధం నమః" అని దిద్దిస్తారు. వైష్ణవ కుటుంబాల్లో "ఓం నమో నారాయణాయ" రాయిస్తారు. ఆ తరువాత అదే మాటను పలక మీద బలపంతో మూడుసార్లు దిద్దించాలి.

పట్టు విషయంలో ఒక జాగ్రత్త. బిడ్డ వేలిని గట్టిగా నొక్కి లాగితే చెయ్యి బిగుసుకుంటుంది, ఏడుపు మొదలవుతుంది. మీ అరచేతిని వారి పిడికిలి కింద ఆనించి, చెయ్యి వదులుగా ఉన్నట్టు తెలిసిన తరువాతే కదపండి. ఏడిస్తే ఆపి, బెల్లంముక్క నోట్లో పెట్టి కాసేపు ఆగవచ్చు. ముగిసే సమయం ముందే చూసి ఉంటారు కనుక తొందరపడే అవసరం రాదు. ఎడమచేతి వాటం ఉన్న బిడ్డ చేతైనా ఆ పూటకు కుడిచేతితో దిద్దించడం ఆచారం. మరుసటి రోజు నుంచి ఏ చేతితో బలపం పట్టుకుంటే ఆ చేతినే ఉండనివ్వండి.

చివరగా, వచ్చిన పిల్లలందరికీ ఒక్కొక్క పలక, బలపం పంచిపెడతారు. దిద్దిన బియ్యాన్ని ఆ పూటే పొంగలిగా వండుకోండి.