గడ్డం గీసుకున్నాక మెడ మంట: నా అనుభవం

కావలి ఎండల్లో గడ్డం గీసుకున్న గంటకే నా మెడ ఎర్రగా కంది, చెమట తగిలితే భగ్గున మండేది. పటిక, స్పిరిట్ కలిసిన లోషన్, పసుపు ప్రయత్నించినా మంట తగ్గలేదు.

చివరికి, తెగిన చోట శుభ్రమైన గుడ్డను మధ్యలో తీసి చూడకుండా మూడు నిమిషాలు అదిమిపట్టి రక్తం ఆపాను. తరువాత చన్నీళ్లలో తడిపి పిండిన గుడ్డను మెడపై పది నిమిషాలు ఉంచి, రుద్దకుండా అద్ది, చర్మం కొద్దిగా తడిగా ఉండగానే వాసన లేని పెట్రోలియం జెల్లీని పలుచగా రాశాను. అన్నింటికంటే మేలు చేసింది మాత్రం, వేలితో తడిమితే చురుకు తగలని దాకా, అంటే నాలుగు రోజులు, బ్లేడు ముట్టకపోవడమేనని నా నమ్మకం.

మొటిమలు వచ్చే చర్మానికి జెల్లీ సరిపడకపోవచ్చు. చీముపొక్కులు లేచినా, ఎరుపు పాకుతున్నా వైద్యుడికి చూపించుకోవాలి.