సముద్రం మీది చంద్రుడి ఫోటో: ముందు టైమ్ చూడండి

కళింగపట్నం బీచ్‌లో తెల్లవారుజామున 5 గంటలకు, సముద్రం వైపు తీసిన ఫోటోలో చంద్రుడు గుండ్రంగా ఉన్నా అది పున్నమి చంద్రుడు కాదు. అక్కడ సముద్రం తూర్పున ఉంది. పున్నమి చంద్రుడు ఆ వేళకు పడమటికి వాలిపోతాడు. ఫోటోలో ఉన్నది అమావాస్యకు ముందరి సన్నని వంక. చీకట్లో ఫోన్ వెలుగు ఎక్కువ తీసుకోవడంతో వంక ఉబ్బి బంతిలా పడుతుంది. చంద్రుడి మీద వేలు నొక్కి, వెలుగు బాగా తగ్గించి తీస్తే అసలు ఆకారం తెలుస్తుంది.

పక్కన పెద్ద చుక్క ఉంటే అది శుక్రుడో, గురుడో కావచ్చు. మర్నాడు రాత్రి 1 గంటకే ఆ చుక్క తూర్పున పైకి వచ్చేసి ఉంటే శుక్రుడు కాదు. శుక్రుడు సూర్యుడికి 47 డిగ్రీలకు మించి దూరం పోడు, కాబట్టి ఎంత ముందుగా వచ్చినా పొద్దు పొడవడానికి సుమారు మూడు గంటల ముందు మాత్రమే వస్తాడు.

చంద్రుడు రోజుకు సుమారు 13 డిగ్రీలు తూర్పుకు జరుగుతాడు, అందుకే మర్నాటికే జంట విడిపోతుంది. గురుడైతే 27, 28 రోజులకు మళ్లీ చూడండి. శుక్రుడూ తూర్పుకే జరుగుతుంటాడు గనక సాధారణంగా 29, 30 రోజులు పడుతుంది.