ఫైనల్ సబ్మిషన్‌కు ముందు: ఐదు మోడళ్లు కలిపి ఆగం కాకుండా జాగ్రత్తలు

మొన్న నల్లగొండ పిల్లలు నలుగురు ఒక పోటీ ఫైనల్స్‌కు పోయి మొఖాలు వేలాడేసుకొని వచ్చిన్రు. బత్తాయి ఆకు, కాయ ఫోటో చూసి గజ్జి తెగులా, మంగా, జింక్ లోపమా, లేక బాగనే ఉన్నదా అని చెప్పే మోడల్ వాళ్లది. ఒక్క మోడల్‌తో వాలిడేషన్ మీద 91 శాతం వచ్చింది. ఆఖరి వారం ఐదు మోడళ్లు కలిపి, ప్రతి ఫోటోను ఎనిమిది తీర్ల తిప్పి చూపించి 93.5కు ఎక్కించిన్రు. స్లైడ్ల మీద అదే నంబరు పెద్దక్షరాలతో పెట్టిన్రు. జడ్జీల దగ్గర దాచిపెట్టిన 600 ఫోటోల మీద వచ్చింది 91.0. పైగా డెమోల ఫోన్ ఒక్కో ఫోటోకు ఆరు సెకన్లు తిరిగింది. ఐదును ఎనిమిదితో గుణిస్తే నలభై సార్లు మోడల్ నడవాలె, ఒక్కోటి 0.15 సెకను. ఇది ముందే వేసుకోవాల్సిన లెక్క.

వచ్చే నెలల ప్రాజెక్టులు, పోటీలు వరుసగున్నయి కాబట్టి రాస్తున్న. మోడల్ ఎట్ల ట్రైన్ చేయాల్నో ఇక్కడ చెప్తలేను, అది మీకు తెలుసు.

అందరినీ ముంచే తప్పు ఒక్కటే

ఏ మోడల్ మాటకు ఎంత విలువ ఇయ్యాల్నో చెప్పే వెయిట్లు ఏ ఫోటోల మీద ఎంచుకున్నరో, లాభం గూడ ఆ ఫోటోల మీదనే కొలుస్తరు. మన కాయను మన కాంటా మీద జోకి, కాంటా ముల్లును గూడ మనమే సవరించినట్టు.

ఈ పిల్లలకు వాలిడేషన్ ఫోటోలు 400. ఒక్క మోడల్ 36 తప్పులు చేసింది. తర్వాత ఐదు మోడళ్లకు ఎవరికెంత వెయిట్ ఇయ్యాల్నని రెండొందల రకాలు ప్రయత్నించి, 26 తప్పులకు దిగినదాన్ని పట్టుకున్నరు. 400 ఫోటోలల్ల ఒక్క ఫోటో అంటే పావు శాతం. రెండొందల సార్లు వెతికితే రెండు మూడు ఫోటోలు అదృష్టం కొద్ది అటుదిటు అయిన రకం ఒకటి దొరకనే దొరుకుతది. దాన్నే మీరు "బెస్ట్" అంటరు. ప్రతి మోడల్‌ల ఏ ఎపాక్ ఉంచాల్నో ఎంచుకున్నది గూడ ఆ 400 మీదనే. ఒకే కాంటా మీద ఎన్నిసార్లు జోకుతరు?

ఫలితాలైనంక ఆ 600 ఫోటోల జవాబులు బయట పెట్టిన్రు, మేం కూసుండి లెక్క తీసినం. ఒక్క మోడల్: 541 సరి, అంటే 90.2. ఐదింటి కలయిక: 546 సరి. అంటే నిజంగ వచ్చింది 0.8, అనుకున్నది 2.5. ఇంకొకటి చేసినం: వెయిట్లన్నీ తీసేసి ఐదింటికీ సమానంగ సగటు వేసినం. 547 సరి! రెండు రాత్రులు మేల్కొని వెతికిన వెయిట్లు ఉత్త సగటు కన్న ఒక ఫోటో వెనకనే ఉన్నయి.

కాబట్టి సమాన సగటుతోనే షురూ చేయున్రి. వెయిట్లు కావాలంటే వాలిడేషన్‌ను రెండు ముక్కలు చేసి, ఒక ముక్క మీద ఎంచుకొని రెండో ముక్క మీద కొలవున్రి. ముక్కలు తోటల వారీగ చేయాలె, ఫోటోల వారీగ కాదు. ఒకే చెట్టు ఫోటోలు రెండు దిక్కులా ఉంటే అది రెండు ముక్కలు కానే కాదు.

ఎంత ఆశ పెట్టుకోవచ్చు

2012ల అలెక్స్‌నెట్ వాళ్లు ఇమేజ్‌నెట్ మీద ఐదు నెట్‌వర్కులు కలిపితే, మొదటి ఐదు జవాబుల్లో సరైనది లేని తప్పులు 18.2 నుంచి 16.4 శాతానికి దిగినయి. 2014ల గూగుల్‌నెట్‌కు ఒక్క మోడల్, ఫోటోల ఒక్క ముక్క అంటే ఒక్క క్రాప్‌తో ఆ తప్పులు 10.07 శాతం. ఏడు మోడళ్లతో 8.09. మోడల్ ఒక్కటే ఉంచి ఫోటోను పది ముక్కలుగ చూపిస్తే 9.15. అవి 50,000 ఫోటోల మీద కొలిచిన నంబర్లు, గాలికి ఊగవు.

దీన్ని మన తప్పుల లెక్కలకు తెచ్చుకుంటే, మోడళ్ల కలయిక ఉన్న తప్పులల్ల పదో వంతు నుంచి ఐదో వంతు దాకా తగ్గించింది. ఫోటోను పది ముక్కలుగ చూపించుడు పదో వంతు లోపే. మీ తప్పులు 9 శాతమైతే కలయికతో 0.9 నుంచి 1.8, ఒకే ఫోటోను పది తీర్ల చూపించే టీటీఏతో 0.8 దాకా. ట్రైనింగ్‌లనే ఆ తిప్పుళ్లు వాడి ఉంటే ఇంకా తక్కువ. రెండింటినీ కూడి ఆశ పడొద్దు. గూగుల్‌నెట్‌కు 144 క్రాపులు విడిగ 2.18 తగ్గించినయి, ఏడు మోడళ్లు విడిగ 1.98. రెండూ కలిపితే 3.40, కూడిక చెప్పినట్టు 4.16 కాదు. ఒకే తప్పును ఇద్దరు దిద్దితే అది రెండు లాభాలు కాదు.

మోడళ్లు కలిపే ముందు పది నిమిషాల పని ఒకటుంది. ఒక మోడల్ తప్పు చేసిన 36 ఫోటోలు, ఇంకొకటి తప్పు చేసిన 40 ఫోటోలు పక్కపక్కన పెట్టున్రి. అండ్ల 29 ఒకటే అనుకుందాం. ప్రతిసారి ఇద్దరిల సరైనోన్నే నమ్మే దేవుడు వచ్చినా ఆ 29 తప్పులు దాదాపు అట్లనే ఉంటయి: 92.75 మించదు. ఉత్త సగటుకు అండ్ల సగం దొరికినా గొప్పే. సీడ్ ఒక్కటే మార్చి ట్రైన్ చేసిన అన్నదమ్ములతో ఇట్లనే ఐతది.

తిప్పి చూపించే ముందు

ఆకును ఎటు తిప్పినా గజ్జి గజ్జే. అందుకే ఎనిమిది తీర్ల తిప్పుడు ఇక్కడ సరిపోతది:

```python
model.eval()
with torch.no_grad():
    p = 0
    for k in range(4):
        r = torch.rot90(x, k, dims=(2, 3))
        p = p + model(r).softmax(1)
        p = p + model(r.flip(3)).softmax(1)
    p = p / 8
```

రంగు మాత్రం ముట్టొద్దు. జింక్ లోపానికి ఈనెల నడుమ పసుపే గుర్తు, దాన్ని మార్చినంక మోడల్ దేన్ని చూడాలె? బండి నంబరు ప్లేటు, తెలుగు అక్షరాలైతే అద్దంల తిప్పుడు బంద్.

ఇంక మిగిలినవి, నాకు గుర్తొచ్చిన వరుసల:

ఎన్ని బాగుపడ్డయి, ఎన్ని చెడ్డయి విడివిడిగ రాయున్రి. మా 600ల 14 బాగైనయి, 9 చెడ్డయి, నికరం 5. మారినవి మొత్తం 23, దాని వర్గమూలం దగ్గరదగ్గర 5, దాన్ని రెండింతలు చేస్తే 10. లాభం పది దాటనిదే "పెరిగింది" అని గట్టిగ అనొద్దు.

`model.eval()` మర్చిపోవద్దు.

ప్రతి మోడల్ `class_to_idx` ప్రింట్ చేసి చూడున్రి. ఒకరు గజ్జి ఫోల్డర్‌కు `gajji` అని, ఇంకొకరు `tegulu` అని పేరు పెడితే అక్షరాల వరుస మారుతది. అప్పుడు మీరు గజ్జిని మంగుతో సగటు తీస్తుంటరు. ఎర్రర్ రాదు, స్కోర్ పడిపోతది అంతే.

ఒక్కో మోడల్ నార్మలైజేషన్ దానిదానికే.

లీడర్‌బోర్డు మీద వెయిట్లు సవరించొద్దు. అది గూడ వాలిడేషనే, దాని కాంటా గూడ వంగుతది.

ఆఖరి రాత్రి కొత్త మోడల్ కలపొద్దు.

ఫోన్‌ల నడవాల్సింది ఐతే ఒక్క మోడల్, రెండు వ్యూలు. అంతకు మించొద్దు.

స్లైడ్ల మీద పెట్టే నంబరు, వెయిట్లు ఎంచని ముక్క మీద వచ్చిందే పెట్టాలె. మార్కెట్ల బత్తాయికి వ్యాపారి తరుగు తీస్తే కొట్లాడతం గదా. ఈ నంబరుకు మీరే ముందు తరుగు తీయున్రి, లేకుంటే జడ్జీలు తీస్తరు.

వెయిట్లు ఎంచిన ఫోటోల మీద లాభం కొలవొద్దు. మళ్ల చెప్తున్న: కొలవొద్దు.