ప్రజెంటేషన్‌లో ‘ఎట్ ది ఎండ్ ఆఫ్ ది డే’: ఎక్కడ తగులుతోంది, ఎలా తీసేయాలి

‘చివరికి తేలేది ఇదే’ అనే అర్థంలో వాడే ‘ఎట్ ది ఎండ్ ఆఫ్ ది డే’ను మార్చాలనుకున్నవాళ్లు చాలామంది దాని బదులు ‘అల్టిమేట్లీ’ అనడం మొదలుపెడతారు. రెండు వారాలకు ‘అల్టిమేట్లీ’ కూడా అదే జబ్బుగా మారుతుంది. ఒకే మాట నాలుగు రకాల పనులు చేస్తోంది కాబట్టి ఒకే మందు పనిచేయదు. ముందు అది మీ దగ్గర ఏ పని చేస్తోందో తెలుసుకోవాలి. వినేవాళ్లకు మాత్రం ఇది ఎప్పటినుంచో చిరాకే. 2004లో బ్రిటన్‌లో తేలికైన ఇంగ్లిష్ కోసం పనిచేసే ప్లెయిన్ ఇంగ్లిష్ క్యాంపెయిన్ అనే సంస్థ తన మద్దతుదారులను అడిగితే, అన్నిటికంటే విసుగు పుట్టించే అరిగిపోయిన మాటగా దీన్నే ఎంచారు.

ముందు పరీక్ష

రిహార్సల్‌ను ఫోన్‌లో రికార్డు చేయండి. తర్వాత వింటూ, ఆ మాట వచ్చిన ప్రతి వాక్యాన్నీ కాగితం మీద రాయండి. మాటను కొట్టేసి, మిగిలిన వాక్యాన్ని పైకి చదవండి. ఆ మాట ఏ క్షణంలో వచ్చిందో కూడా పక్కన రాసుకోండి: స్లయిడ్ మారుస్తున్నప్పుడా, అంకెలు చెప్పాకా, ఎవరైనా ప్రశ్న అడిగాకా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

లక్షణం: మాట కొట్టేసినా వాక్యం చెక్కుచెదరలేదు

ఎక్కువగా స్లయిడ్ మారే చోట వస్తుంది. వేలు క్లిక్కర్ మీద ఉంటుంది, తర్వాతి స్లయిడ్‌లో ఏముందో గుర్తు రావడానికి ఒక్క క్షణం కావాలి. ఆ క్షణాన్ని నింపడానికి నోరు ఈ మాటను అందుకుంటుంది.

దీనికి ప్రత్యామ్నాయ పదం వెతకొద్దు. వాక్యం పూర్తి చేయండి, నోరు మూసుకుని క్లిక్ చేయండి, స్లయిడ్ కనిపించాక మాట్లాడండి. ఆ నిశ్శబ్దం మీకు చాలాసేపు అనిపిస్తుంది, వినేవాళ్లకు అనిపించదు. రికార్డింగ్ వింటే మీకే నమ్మకం కుదురుతుంది. ప్రతి స్లయిడ్‌కీ మొదటి వాక్యం ఒక్కటి మాత్రం కంఠతా పట్టండి. టెన్షన్‌లో కూడా అది గుర్తొస్తే ఈ మాట అవసరం పడదు.

లక్షణం: దాని తర్వాత వచ్చిన మాటను ఎవరూ కాదనలేరు

అసలు కష్టం ఇక్కడే ఉంది. మా టీమ్‌లో ఒకమ్మాయి ప్యాకింగ్ పెట్టెల సప్లయర్‌ను ఎంపిక చేసే ప్రజెంటేషన్ తయారు చేసింది. ఒకరి పెట్టె 14 రూపాయలు, ఇంకొకరిది 16.50. పదకొండు స్లయిడ్లు చూపించి, చివర్లో ‘ఎట్ ది ఎండ్ ఆఫ్ ది డే, క్వాలిటీ మ్యాటర్స్’ అంది.

నేను ఒక్కటే అడిగాను: “క్వాలిటీ అక్కర్లేదు అనేవాళ్లు ఆ గదిలో ఎవరైనా ఉంటారామ్మా?” ఉండరు. వాక్యాన్ని తిరగేసి చూస్తే అనేవాడే దొరకనప్పుడు, ఆ వాక్యంలో నిర్ణయం లేదన్నమాట. ఏది కొనాలో ఆమె మనసులో తేల్చుకుంది కానీ, ఎందుకో లెక్క కట్టలేదు. ఆ ఖాళీని ఈ మాట కప్పిపెట్టింది.

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. నెలకు పదివేల పెట్టెలు. చౌక పెట్టెలో వందకు మూడు సరుకులు దెబ్బతింటున్నాయి, ఖరీదైన దాంట్లో వందకు ఒకటి. దెబ్బతిన్న ఒక్కో సరుకును మార్చి పంపడానికి 180 రూపాయలు అవుతోంది. చౌక పెట్టెలకు 1,40,000, డ్యామేజీకి 54,000, కలిపి 1,94,000. ఖరీదైన పెట్టెలకు 1,65,000, డ్యామేజీకి 18,000, కలిపి 1,83,000. ఇంత స్పష్టమైన జవాబు ఆమె దగ్గరే ఉన్న ఎక్సెల్ షీటులో, రెండు వేర్వేరు ట్యాబుల్లో పడి ఉంది.

చివరి వాక్యం ఇలా మారింది: ‘డ్యామేజీ కూడా కలిపితే, ఖరీదైన పెట్టెతోనే మనకు నెలకు పదకొండు వేలు మిగులుతుంది.’ ఇంగ్లిష్‌లో చెప్పినప్పుడు ‘వన్స్ వుయ్ కౌంట్ డ్యామేజ్’ అని మొదలుపెట్టింది. ఆ నాలుగు మాటలే అసలు ప్రత్యామ్నాయం. ఏ లెక్క కలిపితే తీర్పు మారిందో అవి చెబుతున్నాయి. ఫైనాన్స్ వాళ్లు 180 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగారు, ఆమె చూపించింది. ‘క్వాలిటీ మ్యాటర్స్’ అని ఉంటే ఆ ప్రశ్న కూడా వచ్చేది కాదు.

అంకెలు లేని సందర్భాల్లో తూకం దేని మీద తేలిందో పేరు పెట్టి చెప్పండి: ‘ది డిసైడింగ్ ఫ్యాక్టర్ ఈజ్ డెలివరీ టైమ్.’ రెండు వైపులా చెప్పాకే ‘ఆన్ బ్యాలెన్స్’ అనాలి, ఒకవైపే చెప్పి అంటే అబద్ధంలా ఉంటుంది. కాలం గడిచాక కనిపించే ఫలితమైతే ‘ఇన్ ది లాంగ్ రన్’. చెప్పిందాన్ని కుదించి చెప్పేటప్పుడు ‘ఇన్ షార్ట్’. ‘అల్టిమేట్లీ’ని మెట్లు మెట్లుగా సాగిన విషయం చివరి మెట్టుకు చేరినప్పటికి దాచుకోండి.

లక్షణం: మీ జవాబు తర్వాత ప్రశ్న అడిగినవాళ్లు మౌనంగా అయిపోయారు

వాళ్లు ఒప్పుకున్నారనుకోవద్దు. అభ్యంతరం చెప్పినవాళ్లకు ఈ మాటతో జవాబు మొదలుపెడితే, ‘నువ్వు చెప్పింది పక్కన పెట్టు’ అన్నట్టు వినిపిస్తుంది. తెలుగులో ‘ఏది ఏమైనా’ కూడా ఇంతే నొప్పిస్తుంది. ముందు వాళ్ల మాటను వాళ్ల పదాల్లోనే ఒప్పుకోండి: ‘మీరన్నట్టు ట్రైనింగ్‌కు ఇంకో రెండు వారాలు పడుతుంది. అది కలిపినా పండగ సీజన్‌కు ముందే పూర్తవుతుంది.’ ఇంగ్లిష్‌లో ‘ఈవెన్ విత్ దట్’ సరిపోతుంది. వాళ్ల అభ్యంతరం లెక్కలోకి వచ్చిందని అందులోనే తెలుస్తుంది.

లక్షణం: విన్నవాళ్లు దాన్ని సాయంత్రం అనుకున్నారు

తెలుగులో మాట్లాడేటప్పుడు ఇది ఖాయంగా జరుగుతుంది. ఒక డీలర్ల మీటింగ్‌లో మేనేజర్ ఒకాయన ‘రోజు చివర్లో చూసుకుంటే మీ మార్జినే ముఖ్యం’ అన్నారు. ముందు వరసలోని పెద్దాయన వెంటనే, “రోజు చివర గల్లాపెట్టె చూసుకుంటామండీ, మార్జిన్ నెలాఖరుకు గానీ తేలదు” అన్నారు. ఆయన తప్పేమీ లేదు. తెలుగులో ‘రోజు చివర’ అంటే పొద్దుగూకడమే. ‘అన్ని ఖర్చులూ పోను మీకు మిగిలేది ఇంత’ అని ఉంటే ఆ గదిలో అందరికీ ఒకేలా అర్థమయ్యేది. సందర్భాన్ని బట్టి ‘మొత్తం మీద’, ‘తేలిందేమిటంటే’, ‘అసలు సంగతి’ మనకు ఉండనే ఉన్నాయి.

ఇంగ్లిష్ సొంత భాష కాని విదేశీ క్లయింట్ల దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి. ముఖ్యంగా పక్కనే గడువు మాట ఉంటే. ‘ఎట్ ది ఎండ్ ఆఫ్ ది డే, యు విల్ హావ్ ది రిపోర్ట్’ అంటే ఈరోజే వస్తుందని రాసుకునేవాళ్లు ఉంటారు. నిజంగా ఈరోజే అని మీ ఉద్దేశమైనా, ఎవరి ఈరోజు? చలికాలంలో న్యూయార్క్‌లో సాయంత్రం ఆరంటే హైదరాబాద్‌లో మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నర. ఎండాకాలంలో అక్కడి గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి మూడున్నర. స్లయిడ్ మీద ఏ రోజో, ఎన్ని గంటలకో, ఎక్కడి టైమో మూడూ రాయండి: ‘శుక్రవారం, సాయంత్రం 6, భారత కాలమానం.’ పైకి చదివేటప్పుడు కూడా మూడూ చదవండి.