బట్టలు, చెప్పులు కొనేముందు మార్పిడి నిబంధనలు చూసుకోవడం ఎలా? ఇన్నర్‌వేర్ దగ్గర ఏం జాగ్రత్తపడాలి?

శ్రావణంలో పెళ్లి పెట్టుకున్న ఒక లంక ఊరి కుటుంబాన్ని తీసుకుందాం. శనివారం పొద్దున్నే పడవ దాటి, అమలాపురంలో బస్సెక్కి, రావులపాలెం మీదుగా రాజమండ్రి వచ్చారు. కొనాల్సినవి నాలుగు: పెళ్లికూతురి తల్లికి పట్టుచీర, భీమవరంలో చదువుకుంటున్న మేనల్లుడికి ప్యాంటూ చొక్కా, వాడికే బూట్లు, మూడు బనియన్ల ప్యాకెట్టు. మేనల్లుడు వెంట లేడు. అంటే నాలుగింటిలో మూడు కొలత చూడకుండా కొంటున్నవే. ఏదన్నా కుదరకపోతే మళ్లీ అంత దూరం రావాలి. అందుకే మార్పిడి సంగతి బిల్లు కట్టాక కాదు, కట్టేముందే తేల్చుకోవాలి.

ముందు ఒక తేడా తెలియాలి

సైజు కుదరలేదు, రంగు నచ్చలేదు అనేది ఒక సంగతి. కుట్టు ఊడింది, నేతలో పోగు తెగింది, చెప్పు అడుగు అట్ట ఊడింది అనేది వేరే సంగతి. మొదటిదాన్ని మార్చాలా వద్దా అన్నది కొట్టువాడి ఇష్టం. ఏ షరతు పెట్టుకుంటే అదే నడుస్తుంది. రెండోదానికి చట్టం ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లులో గడువే రాయకపోతే 30 రోజులుగా లెక్కిస్తారు. "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడ మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, లోపమున్న సరుకు విషయంలో ఆ మాట నిలబడదు.

కొట్లో గొడవలన్నీ ఈ రెండూ కలిసిపోయిన చోటే మొదలవుతాయి. కొన్నవాళ్లు "చట్టం ఉంది, బిగుతైన చొక్కా మార్చాల్సిందే" అంటారు. కొట్టువాళ్లు "ఇన్నర్‌వేర్ కదా, చిరిగినా మార్చం" అంటారు. ఇద్దరిదీ తప్పే.

కౌంటర్ దగ్గర అడగాల్సింది

"మారుస్తారా?" అని అడిగితే "మారుస్తామండీ" అనే అంటారు. ఆ జవాబు దేనికీ పనికిరాదు. బిల్లు కొట్టకముందే పాత బిల్లు ఒకటి చూపించమనండి, లేదా కౌంటర్ మీద అంటించిన షరతులు చదవండి. సాధారణంగా ఇలా ఉంటాయి: ఏడు రోజుల్లోపు మార్పిడి, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకే, ఆదివారాలు లేదు, డబ్బు వాపసు లేదు, బిల్లూ ట్యాగూ ఉండాలి, ఇన్నర్‌వేర్, బ్లౌజు పీసులు, ఆఫర్ సరుకు మార్చబడదు.

ఇందులో మొదట పట్టుకోవాల్సింది తారీఖు. "ఏడు రోజులు" అంటే కొన్న రోజుతో కలిపా, విడిచా? శనివారం కొంటే కలిపి లెక్కేసేవాళ్లకు శుక్రవారంతో అయిపోతుంది, విడిచి లెక్కేసేవాళ్లకు మళ్లీ శనివారం దాకా ఉంటుంది. మధ్యలో ఆదివారం ఎలాగూ పోయింది. "ఏ తారీఖు దాకా తేవచ్చు?" అని అడిగి, ఆ తారీఖు బిల్లు వెనక రాయించుకుని కొట్టు ముద్ర వేయించుకోండి. మార్పిడి వేళలు మధ్యాహ్నమే అయితే, దూరం నుంచి వచ్చేవాళ్లు ఏ బస్సుకు బయల్దేరాలో కూడా దాంతోనే తేలిపోతుంది.

రెండోది, వస్తువుకు బదులు ఏమిస్తారు? అదే సైజు లేకపోతే వేరే సరుకు ఇస్తారా, క్రెడిట్ నోటు ఇస్తారా, నోటుకు గడువెంత? ఆఫర్లో కొంటే ఈ లెక్క మరీ తిరకాసుగా ఉంటుంది. రెండు కొంటే ఒకటి ఉచితం అన్న ఆఫర్లో తొమ్మిది వందల చొక్కాలు మూడు తీసుకుంటే కట్టేది 1,800. చాలా బిల్లుల్లో ఆ మొత్తాన్ని మూడింటికీ పంచి ఒక్కోటి 600గా వేస్తారు. తర్వాత ఒక చొక్కా వెనక్కిస్తే మీ ఖాతాలో పడేది ఆ 600 మాత్రమే. ఆఫర్ అయిపోయి ఉంటే అదే చొక్కా వేరే సైజులో తీసుకోవడానికి ఇంకో 300 కట్టమనవచ్చు. "అదే రకం, వేరే సైజు అయితే అదనంగా ఏమీ కట్టక్కర్లేదు కదా?" అని ముందే అడిగేయండి.

ఇంటికెళ్లాక మార్పిడిని పోగొట్టే పనులు

కొత్తబట్టకు అంచున పసుపు పెట్టడం మన అలవాటు. మార్పిడి కౌంటర్లో మొదట కనిపించేది కూడా ఆ పసుపు చుక్కే. కట్టుకునే రోజుదాకా పసుపు పెట్టకండి. పెద్దవాళ్లు ఆగకపోతే చేతిరుమాలుకు పెట్టించండి, శాస్త్రం తీరిపోతుంది.

చీరకు ఫాల్ కుట్టించినా, పికో చేయించినా, బ్లౌజు ముక్క కత్తిరించినా మార్పిడి ఉండదు. కాబట్టి చీరను కొట్లోనే చివరిదాకా విప్పించి చూడండి. ట్యూబులైటు కింద కాదు, గుమ్మం దగ్గర పగటి వెలుతుర్లో. మడత గీతల వెంట రంగు వెలిసిందా, జరీ అంచున పోగులు లేచాయా, పల్లూ వెనక పోగులు వేలాడుతున్నాయా అన్నవి ఆ వెలుతుర్లోనే కనిపిస్తాయి.

ప్యాంటు పొడవు కొట్లోనే ఉచితంగా కత్తిరించి కుట్టిస్తామంటారు. మనిషి పక్కన లేనప్పుడు ఒప్పుకోకండి. కత్తెర పడ్డ ప్యాంటును ఏ కొట్టూ వెనక్కి తీసుకోదు. నడుము కుదిరిందని తెలిశాక ఊళ్లో దర్జీ దగ్గర పొడవు తగ్గించుకోవచ్చు.

బూట్లు, చెప్పులు

"ఎనిమిదో నంబరు" అన్న మాట ఒక్కటీ చాలదు. ఒక కంపెనీ ఎనిమిది ఇంకో కంపెనీ ఎనిమిదికి సరిపోకపోవచ్చు. మేనల్లుణ్ని కాగితం మీద పాదం పెట్టి, మడమ చివరి నుంచి అన్నిటికంటే పొడవైన వేలి చివరిదాకా సెంటీమీటర్లలో కొలిచి ఫోన్లో చెప్పమనండి. రెండు పాదాలూ కొలిచి పెద్దదే తీసుకోవాలి. కొలిచేది సాయంత్రమైతే మంచిది, పగలంతా నడిచిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ సెంటీమీటర్లు చెప్పి, కంపెనీ సైజు పట్టికలో ఏ నంబరు వస్తుందో చూడమనండి.

డబ్బా మూసేముందు రెండు బూట్ల లోపలా నంబరు చూడండి. షోకేసులోంచి ఒకటి, గోడౌన్ నుంచి ఒకటి తెచ్చి జత చేసినప్పుడు ఎడమది ఏడు, కుడిది ఎనిమిది రావడం జరుగుతుంది. ఇంటి దగ్గర వేసి చూసేటప్పుడు చాప మీదే నడవండి. బూట్ల కౌంటర్లో మొదట అడుగు అట్ట తిప్పి చూస్తారు. గచ్చు మీద గీరుకున్న గీత గానీ, వానాకాలపు బురద గానీ కనిపిస్తే "వాడేశారు" అని తేల్చేస్తారు. వేళ్లు వంగే చోట తోలు మీద ముడత పడినా అంతే. డబ్బాను కూడా సరుకులో భాగంగానే చూస్తారు, దాని మీద టేపులు అంటించకండి.

ఇన్నర్‌వేర్ మినహాయింపు ఎంతవరకు?

బనియన్లు, డ్రాయర్లు, బ్రాలు, ప్యాంటీలు మార్చబోమని కొట్లు చెప్పేది శుభ్రత కారణంగా. ఒకరు ఒంటికి ఆనించి చూసింది ఇంకొకరికి అమ్మలేరు. ఈ షరతు న్యాయమైనదే, దీని మీద గొడవ పడి లాభం లేదు. కానీ అది సైజుకీ ఇష్టానికీ వర్తించే షరతు. లోపమున్న సరుకు గురించి చట్టం చెప్పినచోట ఇన్నర్‌వేర్‌ను వేరుగా మినహాయించలేదు. ఎలాస్టిక్ అతుకు ఊడి ఉంటే, హుక్కు లేకపోతే, డబ్బా మీద 90 అని ఉండి లోపల బనియను మీద 85 అని ఉంటే, వెనక్కి తీసుకోమని అడిగే హక్కు మీకుంది.

చిక్కల్లా రుజువు దగ్గరే. ఉతికాక తీసుకెళ్తే ఉతుకులో ఊడిందంటారు. అందుకే ప్యాకెట్టును బిల్లు అయిన వెంటనే కౌంటర్ దగ్గరే, వాళ్ల ఎదుటే విప్పండి. డబ్బా మీది సైజూ లోపలి ట్యాగు మీది సైజూ ఒకటేనా చూడండి. ఎలాస్టిక్‌ను రెండు చేతులా ఒకసారి సాగదీసి వదలండి, అతుకు దగ్గర దారం తెగిందేమో తెలుస్తుంది. మూడింటి ప్యాకెట్టైతే మూడూ చూడాలి. రెండు నిమిషాల పని. మొహమాటపడి సంచిలో వేసుకొచ్చేస్తే ఆ తర్వాత మాట మీది, రుజువు ఎవరి దగ్గరా లేదు.

సైజు తప్పితే దారి లేదు కాబట్టి సైజు ముందే సరిగ్గా తెలుసుకోవాలి. మన దగ్గర బనియన్ల నంబరు మామూలుగా ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో. 34 అంగుళాల ఛాతీకి లెక్కేస్తే 86 దాకా వస్తుంది, కనుక 85. డ్రాయర్లకైతే అదే రకం నంబరు నడుముది. "36 ఇవ్వండి" అని అంగుళాల్లో అడిగి 90 నంబరు చూసి కంగారుపడేవాళ్లు చాలామంది. బ్రాకు రెండు కొలతలు కావాలి, రొమ్ముల కింద బిగువుగా ఒకటి, నిండైన చోట వదులుగా ఒకటి. వీటి నుంచి నంబరు తీసే లెక్క కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి పాత నంబరు చెప్పకుండా ఆ డబ్బా వెనకున్న పట్టికలోనే చూడాలి. కొత్త కంపెనీదైతే ముందు ఒక్కటే కొనండి, కుదిరాక మిగతావి తెచ్చుకోవచ్చు.

ఇంకొకటి. ఇన్నర్‌వేర్ అన్న పేరు కింద ఏమేం వస్తాయో కొట్టును బట్టి మారుతుంది. కొన్నిచోట్ల లంగాలు, స్లిప్పులు, లెగ్గింగులు, సాక్సులు, నైటీలు కూడా ఆ జాబితాలోకి లాగేస్తారు. నైటీ కొంటుంటే ఆ ఒక్క మాటా పేరు పెట్టి అడగండి.

ఫోన్లో కొనేటప్పుడు

యాప్‌లో వస్తువు పేజీని కిందికి జరిపితే రిటర్న్ షరతు కనిపిస్తుంది. ముందు మీ పిన్‌కోడ్ వేసి, రంగూ సైజూ ఎంచుకుని, అప్పుడు చదవండి. ఒకే చొక్కా నీలం రంగు ఒక అమ్మకందారుదీ, తెలుపు ఇంకొకరిదీ కావచ్చు. ఒకదానికి ఏడు రోజుల వాపసు ఉంటే ఇంకోదానికి మార్పిడి మాత్రమే ఉంటుంది. ఆ షరతు, అమ్మకందారు పేరు, ధర ఒకే తెరలో వచ్చేలా స్క్రీన్‌షాట్ తీసుకుని తర్వాత డబ్బు కట్టండి. రిటర్న్ లేదని రాసిన ఇన్నర్‌వేర్‌కు కూడా, లోపమున్నా, నకిలీదైనా, చెప్పినదొకటి వచ్చిందొకటైనా అమ్మకందారు వెనక్కి తీసుకోననడానికి లేదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. పార్సిల్ విప్పేటప్పుడు చిరునామా చీటీ నుంచి లోపలి ట్యాగు దాకా ఆపకుండా వీడియో తీసి ఉంచుకోండి.

లంక ఊళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. సరుకు తెచ్చిచ్చే పిన్‌కోడ్‌కే వెనక్కి తీసుకెళ్లే పికప్ లేకపోవచ్చు. అప్పుడు మీరే పోస్టులో పంపమంటారు, ఆ ఖర్చు ఎవరిదో ముందే చూడాలి. గోదావరికి వరదొచ్చి రేవు మూసేస్తే పికప్ మనిషి రాడు, గడువు మాత్రం డెలివరీ రోజు నుంచి నడుస్తూనే ఉంటుంది. మనిషి వచ్చాక చూద్దామనుకోకుండా గడువులోపే యాప్‌లో రిక్వెస్టు పెట్టి, దాని నంబరు రాసుకోండి.

లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని అమ్మినవాళ్లు మొండికేస్తే, బిల్లు, ఫొటోలు దగ్గర పెట్టుకుని 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే చెప్పుకోవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు.